రిపోర్టు నార్మల్, భయం మాత్రం అలాగే

2021 అక్టోబర్ 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన వయసు 46. ఆ తర్వాత కొన్ని రోజుల పాటు బెంగళూరు జయదేవ హృద్రోగ సంస్థకు జనం పోటెత్తారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2022 ఫిబ్రవరి 21న, ఆంధ్రప్రదేశ్ మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి హైదరాబాద్‌లో 50 ఏళ్లకే అలాగే వెళ్లిపోయారు. మరుసటి ఏడాది జనవరిలో కుప్పం పాదయాత్రలో కుప్పకూలిన నందమూరి తారకరత్న మూడు వారాల తర్వాత ప్రాణాలు విడిచారు. ఆయనకు నలభై కూడా నిండలేదు. ఒక్కో మరణం తర్వాత తెలుగు పట్టణాల్లో కూడా 'ఓసారి గుండె చూపించుకుందాం' అనుకున్నవాళ్లు చాలామంది.

వాళ్లలో ఎక్కువమందికి ఆ పరీక్ష మేలే చేసింది. కొందరికి ఎన్నాళ్లుగానో దాగి ఉన్న బీపీ బయటపడింది. కొందరు సిగరెట్ మానేశారు. ఇంకొందరు రిపోర్టు చేతికి రాగానే ఊపిరి పీల్చుకుని, నెల తిరిగేసరికి ఆ సంగతే మర్చిపోయారు. కానీ అన్నీ నార్మల్ అని రాసిన కాగితం చేతిలో ఉన్నా భయం తగ్గనివాళ్లు కొందరుంటారు. పరీక్షలు పెరిగే కొద్దీ వాళ్ల భయమూ పెరుగుతుంది. ఈ వ్యాసం వాళ్ల గురించే.

వైద్యులు దీన్ని హెల్త్ యాంగ్జైటీ అంటారు. పాత పుస్తకాల్లో హైపోకాండ్రియాసిస్ అని ఉండేది. ఆ పేరుతో ముద్ర పడిన రోగిని అందరూ చులకనగా చూడటం మొదలుపెట్టారు. అందుకే అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన వర్గీకరణ నుంచి ఆ పేరును తొలగించింది. ఒంట్లో పెద్దగా లక్షణాలేమీ లేకపోయినా జబ్బు ఉందన్న భయం ఆరు నెలలకు పైగా పట్టి పీడిస్తుంటే ఇల్‌నెస్ యాంగ్జైటీ డిజార్డర్ అన్నారు. నిజంగా బాధపెట్టే లక్షణాలుండి, వాటి చుట్టూ అతిగా ఆందోళన అల్లుకుంటే దానికి వేరే పేరు పెట్టారు. పేరు ఏదైనా ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఈ మనిషి నటించడం లేదు. ఆయన చెప్పే నొప్పి నిజంగా వస్తున్న నొప్పి. దానికి ఆయన చెప్పుకునే అర్థం దగ్గరే తేడా వస్తోంది.

ఈ భయం ఎలా పుడుతుందో, ఎలా పెరుగుతుందో చూడటానికి ఒక మనిషిని వెంబడిద్దాం. ఈయన ఫలానా వ్యక్తి అని కాదు. వైద్యుల గదుల్లో మళ్లీమళ్లీ కనిపించే తీరులను కలిపి గీసిన రూపం. వయసు 37. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాడు. భార్య, ఇద్దరు పిల్లలు. తండ్రి 52 ఏళ్లకు గుండెపోటుతో పోయాడు. అప్పటికి ఈయన డిగ్రీ చదువుతున్నాడు.

తారకరత్న వార్త టీవీలో వస్తున్న రోజుల్లో ఒక రాత్రి పడుకోబోతుంటే ఎడమ రొమ్ము కింద సూదితో పొడిచినట్టయింది. రెండు మూడు క్షణాల్లో పోయింది. మామూలు రోజైతే పక్కకు తిరిగి పడుకునేవాడే. ఆ రాత్రి మాత్రం నాన్న గుర్తొచ్చాడు. అంతే, గుండె దడదడలాడింది, అరచేతులు చెమర్చాయి, ఊపిరి సరిపోవడం లేదనిపించింది, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి. అర్ధరాత్రి పన్నెండున్నరకు బామ్మర్ది బండి మీద ఆసుపత్రికి వెళ్లారు. ఈసీజీ తీశారు, రక్తపరీక్ష చేశారు, పొద్దున టూడీ ఎకో చేశారు. అంతా బాగానే ఉంది. 'గ్యాస్ అయి ఉంటుంది' అని మాత్ర రాసి పంపించారు.

ఇక్కడిదాకా ఎవరూ తప్పు చేయలేదు. 37 ఏళ్ల మనిషికి, అందులోనూ తండ్రి చిన్న వయసులో గుండెపోటుతో పోయిన మనిషికి, మొదటిసారి ఛాతీలో నొప్పి వస్తే పరీక్ష చేయించుకోవడమే సబబు. అసలు కథ ఆ తర్వాత మొదలైంది.

మూడు రోజులు హాయిగా గడిచాయి. నాలుగో రోజు మిల్లులో బస్తాల లెక్క చూస్తుంటే ఒక సందేహం మెరిసింది. 'ఈసీజీ తీసేటప్పటికి నాకు నొప్పి పోయింది కదా! నొప్పి లేనప్పుడు తీస్తే ఏం తెలుస్తుంది?' ఆ సాయంత్రం ఫోన్‌లో వెతికాడు. ఈసీజీ నార్మల్‌గా ఉన్నా గుండెపోటు రావచ్చని కనిపించింది. అది అబద్ధం కాదు కూడా. ఒక్క ఈసీజీతో తేల్చేయలేని సందర్భాలుంటాయి కాబట్టే వైద్యులు గంటల తేడాతో రక్తపరీక్ష మళ్లీ చేస్తారు. కానీ అది అప్పుడే, ఆ నొప్పితో వచ్చిన రోగి విషయంలో వైద్యుడు వేసుకునే లెక్క. సోఫాలో కూర్చున్న మనిషికి మాత్రం అది తన మీదే రాసిన వాక్యంలా కనిపించింది. నల్గొండ వెళ్లి టీఎంటీ చేయించుకున్నాడు, నార్మల్. రెండు వారాలు బాగున్నాడు. తర్వాత హైదరాబాద్‌లో ఇంకో కార్డియాలజిస్టును కలిశాడు, నార్మల్. ఈసారి ఊరట వారం నిలిచింది. ఏడాది గడిచేసరికి వేలికి పెట్టుకునే ఆక్సీమీటరు, చేతికి గుండె వేగం చూపించే వాచీ, బీరువాలో మూడు ఆసుపత్రుల ఫైళ్లు ఉన్నాయి. మెట్లెక్కడం మానేశాడు. పిల్లలతో షటిల్ మానేశాడు. రాత్రిపూట ఒంటరిగా పడుకోవడమూ మానేశాడు.

ఆ మొదటి రాత్రి ఒంట్లో జరిగింది ఏమిటి? భయం కలగగానే అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది. కొట్టుకునే బలం కూడా పెరుగుతుంది కాబట్టి ఆ చప్పుడు మనకే తెలుస్తుంది. ఊపిరి వేగంగా, పైపైన ఆడుతుంది. అలా ఆడినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దానివల్ల తల తేలికైనట్టుంటుంది, మూతి చుట్టూ, వేళ్ల చివర్ల తిమ్మిరి పుడుతుంది. విచిత్రమేమిటంటే గాలి సరిపడా కంటే ఎక్కువే అందుతున్నా అందడం లేదనిపిస్తుంది. పక్కటెముకల మధ్య కండరాలు అంతసేపు బిగుసుకుని ఉంటే ఛాతీ నొప్పి పెట్టకుండా ఎలా ఉంటుంది? అంటే గుండెపోటు అన్న భయమే గుండెపోటును తలపించే లక్షణాలను పుట్టించింది. వాటిని చూసి భయం ఇంకా పెరిగింది, లక్షణాలూ పెరిగాయి. ఈ సుడిలో ఎవరు చిక్కుకున్నా, ఎంత తెలివైనవారైనా, ఆ క్షణంలో చావు ఎదుట నిలిచినట్టే అనిపిస్తుంది.

ఇది ఈ కాలంలో పుట్టిన సంగతి కాదు. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన సైనికులు కొందరు గుండె దడ, ఛాతీ నొప్పి, ఆయాసంతో ఆసుపత్రిలో చేరారు. వాళ్లను చూసిన జేకబ్ మెండెస్ డా కోస్టా అనే వైద్యుడు 1871లో దాని గురించి వివరంగా రాశాడు. గుండెలో లోపం కనిపించదు, రోగి బాధ మాత్రం పచ్చి నిజం. చాలాకాలం దాన్ని ఆయన పేరుతోనే పిలిచారు. పరిణామ సిద్ధాంతం రాసిన చార్లెస్ డార్విన్ కూడా 1849 నుంచి సుమారు ఆరేళ్ల పాటు తన ఆరోగ్యం కోసమే ఒక డైరీ పెట్టుకుని, ఏ రోజు ఒంట్లో ఎలా ఉందో రాసుకునేవాడు.

ఇక అసలు ప్రశ్న. ఇంతమంది పెద్ద వైద్యులు ఏమీ లేదని చెప్పినా మిర్యాలగూడ మనిషికి ధైర్యం ఎందుకు నిలవలేదు?

1980ల్లో బ్రిటన్‌లో పాల్ సాల్కోవ్‌స్కిస్, హిలరీ వార్విక్ అనే ఇద్దరు ఈ ప్రశ్ననే పట్టుకున్నారు. వాళ్లు చెప్పింది చాలామంది వైద్యులకు అప్పట్లో మింగుడుపడలేదు. ఈ రోగికి పదేపదే భరోసా ఇవ్వడం మందు కాదు, జబ్బు నిలబడటానికి అదీ ఒక కారణమే అన్నారు వాళ్లు. 'ఏమీ లేదు' అన్న మాట వినగానే భయం ఒక్కసారిగా దిగిపోతుంది. ఆ హాయిని మనసు గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ సందేహం రాగానే మళ్లీ అదే కావాలంటుంది. ప్రతిసారీ ఊరట నిలిచే కాలం తగ్గుతుంది, పరీక్ష పెద్దదవుతుంది. నాడి పట్టుకుని చూసుకోవడం, ఫోన్‌లో వెతకడం, భార్యను 'నా మొహం పాలిపోయిందా?' అని అడగడం, ఇవన్నీ ఆ కోవలోవే. దురద పెట్టినచోట గోకితే ఆ క్షణానికి సుఖంగా ఉండి, కాసేపటికి మరింత మండినట్టే ఇదీను.

దీనికి ఆధారం కూడా దొరికింది. తీవ్రమైన జబ్బు ఉండే అవకాశం తక్కువని తెలిసిన రోగులకు, ధైర్యం కోసం పరీక్షలు చేయిస్తే ఏమవుతుందన్న దానిపై జరిగిన 14 ప్రయోగాలను ఇద్దరు బ్రిటిష్ వైద్యులు 2013లో ఒకచోట చేర్చి చూశారు. వాటిలో మొత్తం 3,800 మందికి పైగా రోగులున్నారు. పరీక్ష చేయించుకున్నవాళ్ల జబ్బు భయం, చేయించుకోనివాళ్ల కంటే తగ్గలేదు. లక్షణాలూ తగ్గలేదు. తర్వాతి కాలంలో డాక్టరు దగ్గరికి వెళ్లడం మాత్రం కాస్త తగ్గింది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. బ్రిటన్‌లో స్పెషలిస్టును కలవాలంటే సాధారణంగా ముందు కుటుంబ వైద్యుడు పంపాలి. ఇక్కడ డబ్బుంటే ఎవరైనా నేరుగా ఎవరినైనా కలవొచ్చు, చీటీ లేకుండానే రక్తపరీక్ష చేయించుకోవచ్చు. అరవై డెబ్బై అంశాల ప్యాకేజీలు పండగ ఆఫర్లలో వస్తున్నాయి. వాటిలో దాగిన చిన్న లెక్క చాలామందికి తెలియదు. చాలా రక్తపరీక్షల్లో 'నార్మల్' హద్దులను ఎలా గీస్తారంటే, ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది వాటి లోపల పడతారు. మిగతా 5 శాతం మంది పూర్తి ఆరోగ్యంగా ఉన్నా హద్దు దాటినట్టు కనిపిస్తారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు ఒక ఆరోగ్యవంతుడికి చేస్తే, కనీసం ఒక్కటైనా హద్దు దాటే అవకాశం సుమారు 64 శాతం. ఆ ఒక్క అంకె కాగితం మీద లావు అక్షరాల్లో, పక్కన బాణం గుర్తుతో వస్తుంది. భయం లేని మనిషి దాన్ని డాక్టరుకు చూపించి వదిలేస్తాడు. భయమున్న మనిషికి అది కొత్త జబ్బుకు తలుపు తెరుస్తుంది. మన మిల్లు గుమాస్తా గుండె దగ్గర మొదలై, రెండో ఏడాదికి అలాంటి ఒక అంకెతోనే కాలేయం దాకా వెళ్లాడు.

రెండేళ్ల తర్వాత ఒక ఫిజీషియన్ కొత్త పరీక్షేదీ రాయకుండా ఆయన్ని సైకాలజిస్టు దగ్గరికి పంపారు. పంపిన తీరు చెప్పుకోదగ్గది. 'నీకేమీ లేదు, అంతా నీ మనసులోనే' అనలేదు. ఆ మాట విన్న రోగి ఇంకో ఆసుపత్రికి వెళ్తాడు తప్ప బాగుపడడు. 'నీ నొప్పి నిజం, నీ భయమూ నిజం. గుండెను నేను చూశాను. ఇప్పుడు భయానికి వైద్యం చేద్దాం, నెలకోసారి నువ్వు నా దగ్గరికి రా' అన్నారాయన.

ఈ వైద్యాన్ని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారు. కూర్చోబెట్టి ధైర్యం చెప్పడం అనుకుంటారు చాలామంది. నిజానికి ఇందులో ధైర్యం చెప్పడమన్నదే ఉండదు. మొదటి వారం ఇచ్చిన పని ఒక నోటుపుస్తకం పెట్టుకోవడం. లెక్కలు రాసే మనిషికి అది కష్టం కాలేదు. ఎన్ని గంటలకు ఒంట్లో ఏం తెలిసింది, మనసులో ఏ మాట మెదిలింది, అప్పుడు ఏం చేశాడు, భయం వందకు ఎంత, అలా చేశాక పది నిమిషాలకు ఎంత, రెండు గంటలకు ఎంత. వారం తిరిగేసరికి ఆ పుస్తకమే ఒక సంగతి చెప్పింది. నాడి చూసుకున్నాక పది నిమిషాలకు భయం ఎనభై నుంచి ముప్పైకి దిగుతోంది. రెండు గంటలకు మళ్లీ డెబ్బై. చూసుకునే వీలు లేకుండా మిల్లు యజమానితో మాటల్లో పడిపోయిన మధ్యాహ్నం మాత్రం, ఏమీ చేయకుండానే భయం పదికి పడిపోయింది.

తర్వాత థెరపిస్టు తెల్లకాగితం మధ్యలో గీత గీసింది. ఒక పక్కన 'నాకు గుండె జబ్బుంది, డాక్టర్లు పట్టుకోలేకపోతున్నారు' అని రాసింది. రెండో పక్కన 'గుండె జబ్బుందేమో అన్న భయం నాకుంది, ఆ భయంతో నేను చేసే పనులే దాన్ని పెంచుతున్నాయి' అని రాసింది. రెండింట్లో ఏది నిజమని వాదించలేదు. మొదటి మాట నిజమైతే ఇన్నాళ్లలో ఏం కనిపించి ఉండాలి, రెండోది నిజమైతే ఏం కనిపించాలి అని ఆయనతోనే రాయించింది. టీవీలో ఎవరైనా పోయిన వార్త వచ్చిన రోజే నొప్పి ఎందుకు ఎక్కువవుతోంది? మాటల్లో పడితే ఎందుకు మాయమవుతోంది? రెండేళ్లు మొదటి మాటే నిజమనుకుని బతికారు, దానివల్ల భయం తగ్గిందా అని అడిగింది. మూడు నెలల పాటు రెండో మాటే నిజమన్నట్టు బతికి చూద్దామన్న ఒప్పందం అక్కడే కుదిరింది.

తర్వాత జరిగినవి చిన్న ప్రయోగాలు. మూడు నిమిషాలు కుడి అరికాలి మీదే ధ్యాస పెట్టమంది. అంతవరకు ఊసే లేని అరికాల్లో వెచ్చదనం, చిన్న జలదరింపు, చెప్పు ఒత్తిడి, అన్నీ తెలిశాయి. అరికాల్లో ఏ జబ్బూ పుట్టలేదు, ధ్యాస అక్కడికి వెళ్లిందంతే. రోజంతా ఛాతీ మీదే కాపలా కాస్తే ఛాతీలోనూ అంతే కదా అని ఆయనకే తట్టింది. రెండో ప్రయోగం, నొప్పి ఉన్నచోటును రోజుకు ఎన్నిసార్లు వేలితో నొక్కి చూస్తున్నాడో అన్నిసార్లు కుడివైపు కూడా నొక్కమనడం. రెండో రోజుకు కుడివైపూ నొప్పి మొదలైంది. మెడలో గడ్డలేమో అని తడిమి చూసుకునేవాళ్లకూ ఇదే జరుగుతుంది. తడమగా తడమగా ఆ చోటు వాచినట్టవుతుంది, ఆ వాపే కొత్త సాక్ష్యమవుతుంది.

మూడోది కొంచెం గట్టి ప్రయోగం. థెరపిస్టు ఎదురుగానే ఒక నిమిషం పాటు వేగంగా, లోతుగా ఊపిరి పీల్చి వదలడం. ఆస్తమా, మూర్ఛ, నిజమైన గుండె జబ్బు ఉన్నవాళ్లతో, గర్భిణులతో దీన్ని చేయించరు. ఇంట్లో సొంతంగా చేసి చూడదగ్గదీ కాదు. నిమిషం తిరక్కుండానే మొదటి రాత్రి వచ్చిన తిమ్మిరి, తల తేలిపోవడం, ఛాతీ బిగువు అచ్చంగా అలాగే వచ్చాయి. ఊపిరి మామూలుగా ఆడనివ్వగానే కాసేపట్లో పోయాయి. రెండేళ్లుగా చావుకు గుర్తులనుకున్నవాటిని కావాలని తెచ్చుకుని, వాటంతటవే పోవడం చూశాడు. ఏ కార్డియాలజిస్టు రిపోర్టూ ఇవ్వలేని నమ్మకం అక్కడ దొరికింది. ఈ వైద్యంలో ఇదే కీలకమని ఒప్పుకోవాలి. ఇంకొకరు చెప్పగా విన్నది రోజుల్లో కరిగిపోతుంది. ఒంటితో అనుభవించి తెలుసుకున్నది చాలాకాలం నిలుస్తుంది.

ఆ పైన చూసుకోవడాలను ఒక్కొక్కటే తగ్గించారు. మొదట వాచీ బీరువాలోకి వెళ్లింది. ఆక్సీమీటరు బామ్మర్ది ఇంటికి చేరింది. నాడి చూసుకోవాలనిపిస్తే వెంటనే కాదు, పావుగంట ఆగి. వారం తర్వాత గంట ఆగి. గంట ఆగేసరికి చాలాసార్లు ఆ అవసరమే ఉండేది కాదు. మొదటి పది రోజులు భయం తగ్గకపోగా పెరిగింది. ఇది ముందే చెప్పి ఉంచాల్సిన విషయం. చెప్పకపోతే వైద్యం పనిచేయడం లేదనుకుని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. అలవాటైన ఊరట దొరకనప్పుడు భయం కొన్నాళ్లు ఎగసిపడుతుంది. రోగి లొంగకపోతే ఆ ఎగసిపాటు క్రమంగా చిన్నదవుతుంది. దాంతోపాటే వదిలేసిన పనులను వెనక్కి తెచ్చారు. మొదట ఒక అంతస్తు మెట్లు, తర్వాత మూడు, తర్వాత పిల్లలతో షటిల్.

అన్నిటికంటే కష్టమైన ఘట్టం వేరే ఉంది. 'నాకు గుండెపోటు రాదని వందకు వంద శాతం మీరు చెప్పగలరా?' అని ఆయన ఒక రోజు అడిగాడు. చెప్పలేనంది థెరపిస్టు. ఆ గ్యారంటీ తనకూ లేదంది. ఇక్కడ దాగిన అసలు భయాన్ని తవ్వి తీయడానికి రెండు గంటలు పట్టింది. చావు కన్నా, తన పిల్లలు తనలాగే తండ్రి లేనివాళ్లవుతారన్నదే ఆయన్ను తినేస్తోంది. ఆ మాట నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. నాన్న పోయినప్పుడు ఏడవలేదు కూడా, అప్పుల లెక్కలు చూసుకోవాల్సి వచ్చింది. భయపడే ఆ దృశ్యాన్ని పూర్తిగా, చివరిదాకా రాయమంది థెరపిస్టు. అంతకుముందు ఆయన ఊహ ఎప్పుడూ అంబులెన్సు దగ్గరే ఆగిపోయేది. ఈసారి ఆ తర్వాతి నెలలు, సంవత్సరాలు కూడా రాశాడు. భార్య కుట్టుపని, బామ్మర్ది, తను ఎప్పుడో కట్టిన బీమా, తన తల్లి తనను ఎలా పెంచిందన్నది. రాసిన కాగితం భయాన్ని మాయం చేయలేదు. తేరిపార చూడగలిగే దూరంలో నిలబెట్టింది.

ఇంటివాళ్లకు ఇందులో పెద్ద పాత్రే ఉంది. ఆయన భార్య రోజుకు పదిసార్లు 'ఏం కాదులెండి' అనేది. ప్రేమతో అన్న మాటే అది. దాన్ని ఉన్నట్టుండి ఆపేస్తే మొండితనంగా, కోపంగా కనిపిస్తుంది. అందుకే ముగ్గురూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఆయన అడిగినప్పుడు ఆమె, 'ఇది మనం రాసుకున్న ప్రశ్నే కదండీ. జవాబు నేను మళ్లీ చెప్పను, ఇక్కడే మీ పక్కన కూర్చుంటాను' అంటుంది. ఒక్కోసారి ఆయన విసుక్కున్నాడు. ఆమె కూర్చునే ఉంది. జవాబు ఇవ్వకుండా తోడు మాత్రం ఇవ్వడం కష్టమైన పని. చాలా ఇళ్లలో ఇది 'వెర్రివేషాలు' అన్న ఎత్తిపొడుపుకో, రోజుకో కొత్త డాక్టరు పేరు తెచ్చే ఆదుర్దాకో జారిపోతుంది. రెండూ చేటే.

వైద్యుడి వంతు కూడా అంతే ముఖ్యం. ఒకే వైద్యుడు, ముందే ఖాయం చేసుకున్న తేదీలు. నొప్పి వచ్చినప్పుడల్లా పరుగెత్తడం కాకుండా, నొప్పి ఉన్నా లేకున్నా నాలుగు నుంచి ఆరు వారాలకోసారి వెళ్లడం. ఆ రోజు ఆయన ఒళ్లు చూస్తాడు, కొత్తగా ఏదైనా నిజంగా కనిపిస్తేనే పరీక్ష రాస్తాడు. వైద్యుడిని చూడాలంటే నొప్పి ఉండాలన్న ముడి దీనితో తెగిపోతుంది.

ఇదంతా చదివి ఛాతీ నొప్పి అంటే భయమే అనుకోవడం ప్రమాదకరం. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, పిండినట్టు ఉండి నిమిషాల తరబడి తగ్గకపోతే, అది ఎడమ చేతికో దవడకో వీపుకో పాకితే, చల్లటి చెమట, ఆయాసం, వాంతి వచ్చేలా ఉంటే, నడిస్తే వచ్చి ఆగితే తగ్గుతుంటే, అది ఆలోచించే సమయం కాదు, 108కి ఫోన్ చేసే సమయం. మధుమేహం ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో ఇవేవీ స్పష్టంగా లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండొచ్చు. హెల్త్ యాంగ్జైటీ ఉన్నవాళ్లకు నిజమైన జబ్బు రాదన్న హామీ కూడా లేదు. స్వీడన్ పరిశోధకులు ఈ సమస్య నిర్ధారణ అయిన నాలుగు వేల మందికి పైగా రోగుల రికార్డులను చూసి 2023లో ఒక ఫలితం ప్రకటించారు. సాధారణ జనం కంటే వీళ్లలో మరణాలు ఎక్కువ. ఆత్మహత్యలు సుమారు నాలుగు రెట్లు. ఎప్పుడూ ఏదో ఒకటి అంటాడులే అని తీసిపారేసే వైద్యుడికీ, బంధువుకూ ఆ అంకె ఒక్కటి చాలు.

అందుకే మిర్యాలగూడ మనిషితో థెరపిస్టు ఒక నియమం రాయించింది. పైన చెప్పిన గుర్తులు వస్తే వెంటనే ఆసుపత్రి, వాదన లేదు. అవి లేని కొత్త నొప్పి ఏదైనా అయితే రెండు వారాలు చూడటం, తగ్గకపోతే వచ్చే తేదీన ఫిజీషియన్‌కు చెప్పడం. పాత నొప్పే అయితే నోటుపుస్తకం. పరీక్ష ఎప్పుడు చేయించాలన్నది భయం నిర్ణయించకుండా ముందే ప్రశాంతంగా ఉన్నప్పుడు నిర్ణయించిపెట్టుకోవడమన్నమాట.

ఈ వైద్యం ఎంతవరకు పనిచేస్తుంది? ఇంగ్లండ్‌లో పీటర్ టైరర్ బృందం గుండె, జీర్ణకోశ, నరాల క్లినిక్కుల వంటి వాటికి వస్తున్నవారిలో హెల్త్ యాంగ్జైటీ ఉన్న 444 మందిని తీసుకుని పరీక్షించింది. సగం మందికి అయిదు నుంచి పది సిట్టింగుల థెరపీ, మిగతావాళ్లకు మామూలు వైద్యం. ఏడాది తర్వాత భయం మామూలు స్థాయికి దిగినవాళ్లు థెరపీ తీసుకున్నవాళ్లలో వందకు 14 మంది, తీసుకోనివాళ్లలో 7 మంది. తేడా రెట్టింపే అయినా, పూర్తిగా బయటపడినవాళ్లు తక్కువేనన్నది దాచకూడదు. ఇంకా చాలామందికి భయం పోకపోయినా తగ్గింది. అయిదేళ్ల తర్వాత చూసినా ఆ లాభం నిలిచే ఉంది. ఆ థెరపీ ఇచ్చినవాళ్లు పేరుమోసిన నిపుణులు కారు. కొద్దిపాటి శిక్షణ తీసుకున్నవాళ్లు, వాళ్లలోనూ నర్సులు ఇచ్చినచోట ఫలితం ఇంకా బాగుంది. సైకాలజిస్టులు నగరాలకే పరిమితమైన మన రాష్ట్రాలకు ఆ చివరి సంగతి పనికొస్తుంది. జిల్లా ఆసుపత్రి గుండె విభాగంలోనే ఒక నర్సుకు ఈ పని నేర్పితే, నార్మల్ రిపోర్టుతో అయిదోసారి వచ్చిన మనిషిని పంపడానికి ఒక గది ఉంటుంది. భయం మరీ ఎక్కువగా ఉన్నా, దిగులు తోడైనా ఫ్లూఆక్సెటిన్ వంటి మందులు వాడతారు. వాటిని సైకియాట్రిస్టే రాయాలి. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది.

దగ్గర్లో ఎవరూ లేనివాళ్లకు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలిమానస్ ఉంది. 14416కు రాత్రీ పగలూ ఎప్పుడు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రుల్లో మానసిక విభాగం ఉంటుంది. సైకాలజిస్టును కలిసినప్పుడు ఒక ప్రశ్న అడిగితే మంచిది. 'హెల్త్ యాంగ్జైటీకి మీరు ఏం చేయిస్తారు?' జవాబులో రాసుకోవడం, చూసుకోవడాలు తగ్గించడం, ప్రయోగాలు, ఇంటివాళ్లను కూర్చోబెట్టడం వంటివి ఉండాలి. పాజిటివ్‌గా ఆలోచించమనడం ఒక్కటే ఉంటే ఇంకొకరిని వెతుక్కోవాలి.

మన మిల్లు మనిషికి పన్నెండు సిట్టింగులు పట్టింది. ఆరు నెలల తర్వాత పెదనాన్న కొడుకుకు, 44 ఏళ్ల మనిషికి, నిజంగానే గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. ఆ రాత్రి ఆయన మూడుసార్లు నాడి చూసుకున్నాడు. పొద్దున నోటుపుస్తకం తీసి ఆ మూడూ రాశాడు. ఆ వారం రావాల్సిన ఫిజీషియన్ తేదీ ముందుకు జరపలేదు. తేదీ నాడు వెళ్లి, కుటుంబంలో ఇద్దరికి గుండె జబ్బు వచ్చింది కాబట్టి కొలెస్ట్రాల్, బీపీ ఎన్నాళ్లకోసారి చూపించుకోవాలో అడిగాడు. ఏడాదికోసారి చాలన్నారు. క్యాలెండర్‌లో ఆ తేదీకి గుర్తు పెట్టుకుని మిల్లుకు వెళ్లాడు.